మందు బిళ్లనూ హోటల్ భోజనాన్నీ ఒకే కత్తెరతో కత్తిరించలేరు

ప్రశ్న: మా ఇంటి ఖర్చు నెలకు 40,000 రూపాయలు. సరుకులు, పాలు, గ్యాస్, అమ్మ మందులకు 16,000, అద్దె, ఫీజులకు 12,000, హోటళ్లు, సినిమాలు, బట్టలకు 12,000 అవుతుంది. బ్యాంకులో 80,000 ఉంది. ధరలు పెరిగితే అన్నిట్లోనూ కొంచెం కొంచెం తగ్గించుకుంటాం, చాలకపోతే క్రెడిట్ కార్డు ఉంది. ఇంకా అత్యవసర నిధి అవసరమా?

జవాబు: అవసరమే. ‘అన్నిట్లోనూ కొంచెం కొంచెం’ అనే లెక్క చాలా ఇళ్లలో వింటుంటాను కాబట్టే ఈ ప్రశ్నను ఎంచుకున్నాను. ధర ఒక శాతం పెరిగితే కొనే పరిమాణం ఎంత శాతం తగ్గుతుందో చెప్పేదే డిమాండ్ ధర వ్యాకోచత్వం. అది ఒకటి కన్నా తక్కువైతే, మీరు కొనడం తగ్గించినా బిల్లు మాత్రం పెరుగుతుంది.

ధరలు 20 శాతం పెరిగాయనుకుందాం. మీ అమ్మగారు రోజూ వేసుకునే బిళ్లను సగానికి విరవలేరు, పిల్లల పాలలో నీళ్లు కలపలేరు. ఎంత పొదుపు చేసినా సరుకుల పరిమాణం 4 శాతం తగ్గితే గొప్ప, అంటే వ్యాకోచత్వం 0.2. అప్పుడు 16,000 కాస్తా 18,432 అవుతుంది. హోటళ్లు, బట్టల వాడకం 30 శాతం తగ్గిందనుకుంటే, వ్యాకోచత్వం 1.5 కాబట్టి 12,000 ఖర్చు 10,080కి దిగుతుంది. మొత్తం మీద పెరిగింది 512 రూపాయలే కదా అని సంబరపడకండి, సరదాలు మూడో వంతు దాకా వదులుకున్నాక కూడా ఖర్చు తగ్గలేదు.

ప్రత్యామ్నాయం లేకపోవడం, వాయిదా వేయలేకపోవడం నిత్యావసరాలను ఇలా బిగించేస్తాయి. అయితే వంటింటి వస్తువులన్నీ ఒక్కటి కావు. 2023 వేసవి తర్వాత టమాటా కిలో వంద దాటినప్పుడు చాలా ఇళ్లు చింతపండు చారుకు మళ్లాయి. కందిపప్పు ప్రియమైతే పెసరపప్పు ఉంది. మొత్తంగా కూరా పప్పూ మానలేం గానీ వాటిలో ఒకదాన్ని మానగలం. మీ ఇంట్లో ఏది బిగుసుకున్నదో తెలియాలంటే ధర పెరిగిన నెల పాత బిల్లులు తీసి, రూపాయలు కాకుండా కిలోలు, లీటర్లు పోల్చండి.

ఇప్పుడు ఉద్యోగమే పోయిందనుకోండి. సరదాలను దాదాపు సున్నాకు తేవచ్చు, కానీ 18,432కు అద్దె, ఫీజుల 12,000 కలిపితే 30,432 ప్రతి నెలా కట్టాల్సిందే. మీ 80,000 మూడు నెలలు కూడా రాదు. ఆరు నెలలకు సుమారు 1,83,000 కావాలి, అంటే ఇంకో లక్షా మూడు వేలు. దాన్ని ఇప్పుడున్న సరదా ఖర్చులోంచి నెలకు 6,000 చొప్పున రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే ఏడాదిన్నర లోపే సమకూరుతుంది. త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్ అయిన లిక్విడ్ ఫండ్‌లో వేసినా పరవాలేదు.

క్రెడిట్ కార్డు సంగతి అసలు ఎత్తకండి. బాకీ మిగిల్చితే చాలా కార్డులు నెలకు 3 శాతం పైనే వడ్డీ వేస్తాయి. ఆ అప్పుతో కొన్న బియ్యం వచ్చే నెలకే అయిపోతుంది, వడ్డీ మాత్రం మీ 30,432 పక్కనే తగ్గించలేని మరో ఖర్చుగా చేరుతుంది.