బ్యాలెన్సు ఉండగానే ప్రీపెయిడ్ మీటరు కరెంటు ఆపేస్తుంటే, ఫిర్యాదుకు ముందు చూడవలసినవి

ప్రశ్న: మాది భీమవరంలో జనరేటరు సౌకర్యం ఉన్న అపార్ట్‌మెంటు. ప్రీపెయిడ్ మీటరులో తొమ్మిది వందల పైచిలుకు బ్యాలెన్సు ఉన్నా సాయంత్రాలు కరెంటు పోతోంది, కాసేపటికి దానంతటదే వస్తోంది. పక్క ఫ్లాటులో మాత్రం పోవడం లేదు. మీటరు పాడైందని ఎవరికి చెప్పాలి?

జవాబు:

బ్యాలెన్సు అయిపోయి ఆగిన మీటరు సాధారణంగా రీఛార్జి చేసేదాకా సరఫరా ఇవ్వదు. మీకు ఎవరూ ఏమీ చేయకుండానే కరెంటు తిరిగి వస్తున్నదంటే, మీటరు ఆపుతున్నది డబ్బు గురించి కాదు, లోడు గురించి అయి ఉండే అవకాశమే ఎక్కువ. పాలకొల్లులో మేముంటున్న అపార్ట్‌మెంటులోనూ ఇలాంటి మీటర్లే ఉన్నాయి, అసోసియేషన్ తరఫున వాటి వ్యవహారం నేనే చూస్తుంటాను కాబట్టి, మాకు ఎదురైనదాన్నే కొంచెం వివరంగా చెబుతాను.

జనరేటరు ఉన్న అపార్ట్‌మెంట్లలో బిల్డరు పెట్టించే ప్రీపెయిడ్ మీటర్లు మామూలుగా రెండు ఖాతాలను వేరుగా లెక్కిస్తాయి: లైను కరెంటుకు ఒక రేటు, ఒక లోడు పరిమితి, జనరేటరు కరెంటుకు ఇంకొక రేటు, దానికంటే బాగా తక్కువ పరిమితి. మా ఇంట్లో లైను మీద మూడు కిలోవాట్లు వాడుకోవచ్చు, జనరేటరు మీద ఒక్క కిలోవాటే. వాడకం ఆ పరిమితిని దాటి కొద్దిసేపు అలాగే ఉంటే మీటరు లోపలి రిలే తెరుచుకుని ఇంటికి సరఫరా ఆపుతుంది, కొంత సమయం ఆగి మళ్లీ ఇచ్చి చూస్తుంది. అప్పటికీ లోడు తగ్గకపోతే మళ్లీ ఆపుతుంది. విద్యుత్ పంపిణీ సంస్థలు పెట్టే స్మార్ట్ మీటర్లకు వర్తించే ఐఎస్ 16444 ప్రమాణంలో, ఇలా నిర్ణీత ప్రయత్నాల తరువాత కూడా లోడు ఎక్కువగానే ఉంటే మీటరు 30 నిమిషాలు పూర్తిగా ఆగిపోవాలని ఉంది. అపార్ట్‌మెంట్లలోని ప్రైవేటు మీటర్లలో ఈ వ్యవధులు అమర్చినవారు పెట్టినట్టు ఉంటాయి. పక్క ఫ్లాటుకు దాని సొంత మీటరు, దాని సొంత లెక్క ఉంటాయి కనుక వాళ్లకు కరెంటు ఉండడం మీ మీటరు పాడైందనడానికి ఆధారం కాదు.

మా వరుసలోని ఒక కుటుంబం ఇదే ఫిర్యాదుతో వచ్చింది. వానాకాలపు సాయంత్రం ఏ కొబ్బరి మట్టో తీగల మీద పడి లైను పోతుంది, జనరేటరు అందుకుంటుంది, వంటింట్లో పచ్చడికి మిక్సీ వేయగానే కరెంటు ఆగుతుంది. మిక్సీ ఒక్కటే వేశామని వాళ్లు అంటారు, అది నిజమే. వాళ్ల ఇంట్లో ఆ సమయంలో ఫ్రిజ్ సుమారు 150 వాట్లు, రెండు ఫ్యాన్లు 150, టీవీ 100, దీపాలు 50, మొత్తం 450 వాట్లు. మిక్సీ 500 వాట్లది. కలిపితే 950, అంటే పరిమితికి లోపలే. మరి మీటరు ఎందుకు ఆపుతున్నట్టు? మీటరు డిస్‌ప్లే మీద లోడు చూపే పేజీ దగ్గర నిలబడి చూస్తే, మిక్సీ వేయకముందే అది 0.75 kW చూపిస్తున్నది. లెక్కకు రాని ఆ మూడు వందల వాట్లు హాల్లో మూలన ఉన్న ఇన్వర్టరువి. లైను పోయినప్పుడు కొంత ఖర్చయిన బ్యాటరీని, జనరేటరు కరెంటు రాగానే అది తిరిగి నింపుకుంటున్నది. మిక్సీ తిరగగానే లోడు 1250 వాట్లకు చేరి మీటరు ఆపుతున్నది.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. మీటరు ఆపగానే ఫ్యాన్లు, దీపాలు ఇన్వర్టరు మీదకు వెళ్లిపోతాయి కాబట్టి ఇంట్లోవాళ్లకు వంటింట్లో మాత్రమే ఏదో అయిందనిపిస్తుంది. పైగా ఆ కాసేపట్లో బ్యాటరీ మరికొంత తరుగుతుంది. సరఫరా తిరిగి రాగానే ఛార్జింగు మళ్లీ మొదలవుతుంది, మిక్సీ మళ్లీ ఆగుతుంది. ఆ ఇంటికి మేము చేసిన పని ఇన్వర్టరుకు కరెంటు వచ్చే ప్లగ్గు స్విచ్చిని జనరేటరు నడిచేంతసేపు ఆపేయమనడమే. కొన్ని ఇన్వర్టర్లలో ఛార్జింగు కరెంటును తగ్గించే చిన్న స్విచ్చి వెనక వైపు ఉంటుంది, అది ఉంటే ఇంకా మేలు.

జనరేటరు పరిమితిని పెంచేస్తే పోదా అని చాలామంది అడుగుతారు. మా జనరేటరు 62.5 కేవీఏది, అంటే 0.8 పవర్ ఫ్యాక్టరు దగ్గర 50 కిలోవాట్లు. లిఫ్టు, నీళ్ల మోటార్లు, మెట్ల దీపాలు కలిపి పన్నెండు కిలోవాట్ల దాకా తీసుకుంటాయి. మిగిలిన 38 కిలోవాట్లను నలభై ఫ్లాట్లకు పంచితే తలా ఒక కిలోవాటు కూడా రాదు, అందరూ ఒకేసారి పూర్తిగా వాడరన్న నమ్మకం మీదనే ఆ ఒకటి ఇచ్చారు. కాబట్టి ఒక్క ఇంటికి రెండు కిలోవాట్లు చేయమని పట్టుబట్టడంలో న్యాయం లేదని నా అభిప్రాయం. లైను మీద ఉన్న పరిమితి మాట వేరు. గీజరు, ఇండక్షన్ పొయ్యి కలిసి మూడు కిలోవాట్లు దాటుతున్న ఇంటివారు లోడు పెంచుకోవడమే సబబు.

ఇక మీరు చేయవలసినది చెబుతాను. సరఫరా ఆగిన మరుక్షణం ముందుగా మీటరు దగ్గరకు వెళ్లండి. డిస్‌ప్లే పూర్తిగా చీకటిగా ఉంటే మీటరుకే కరెంటు రావడం లేదు, లోపం పైన ప్యానెల్ గదిలోనో అంతకు ముందో ఉంది. డిస్‌ప్లే వెలుగుతూ ఉండి రిలే తెరుచుకున్నట్టు సంకేతం చూపితే మీటరే ఆపింది. రిలే మూసి ఉన్నట్టు చూపుతూ లోడు సున్నాగా ఉంటే మీటరు నిర్దోషి. అప్పుడు ఇంటి లోపలి బోర్డులో లోడు ఎక్కువైతే పడే ఎంసీబీ గానీ, కరెంటు లీకైతే పడే ఆర్‌సీసీబీ గానీ పడిపోయి ఉంటుంది. మన ప్రాంతపు తేమకు గీజరు ఎలిమెంటులో లీకేజీ వచ్చి ఆర్‌సీసీబీ పడడం, దాన్ని మీటరు మీదకు నెట్టడం తరచుగా చూస్తున్నాను. సంకేతాల రూపం తయారీదారును బట్టి మారుతుంది కనుక మీటరుతో ఇచ్చిన కార్డును దగ్గర పెట్టుకోండి. ఒక జాగ్రత్త మాత్రం మరువకండి: రిలే తెరుచుకున్నా మీటరుకు వచ్చే తీగలో కరెంటు ఉంటూనే ఉంటుంది, కాబట్టి మూత విప్పి చూడకండి.

మీటరే ఆపిందని తేలితే, మళ్లీ ఇచ్చేలోపు బరువైన ఉపకరణాలన్నీ ఆపండి, ఇన్వర్టరు ఛార్జింగుతో సహా. ఈసారి సరఫరా నిలబడితే కారణం లోడే. ఆ తరువాత ఒక్కొక్కటీ వేస్తూ డిస్‌ప్లేలో kW అంకె ఎంత పెరుగుతున్నదో చూడండి. మీటరు లోడును తప్పుగా కొలుస్తున్నదేమోనన్న అనుమానం కూడా ఇక్కడే తీరుతుంది. మిగతావన్నీ ఆపి రెండు వేల వాట్ల గీజరు ఒక్కటే వేస్తే అంకె రెండు దగ్గర ఉండాలి. అయితే వోల్టేజీ తక్కువగా ఉంటే అంకె కూడా తగ్గుతుంది, 230 వోల్టులకు చేసిన ఆ గీజరు 200 వోల్టుల దగ్గర పదిహేను వందల వాట్లే తీసుకుంటుంది. వోల్టేజీని కూడా మీటరు చాలా సందర్భాల్లో అదే డిస్‌ప్లేలో చూపిస్తుంది కనుక రెండూ కలిపి చదవండి. తక్కువ లోడు దగ్గరే అంకె ఎక్కువ చూపుతుంటే, అప్పుడు మీ ఫిర్యాదుకు బలం ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యంగా చూడవలసినది, నిజంగా మీటరు వైపు తప్పు అయ్యేది ఇంకొకటి ఉంది. ప్రస్తుతం ఏ సరఫరా నడుస్తున్నదో మీటరుకు చెప్పడానికి జనరేటరు వైపు నుంచి ఒక సంకేతపు తీగ వస్తుంది. ఆ తీగ గానీ దాని రిలే గానీ మొరాయిస్తే, లైను వచ్చేసినా మీటరు ఇంకా జనరేటరు మీదనే ఉన్నాననుకుంటుంది. అప్పుడు మీకు ఒక కిలోవాటు పరిమితే వర్తిస్తుంది, పైగా యూనిట్లన్నీ జనరేటరు రేటుకు కోసుకుపోతాయి. జనరేటరు చప్పుడు ఆగిపోయాక కూడా డిస్‌ప్లే మీద DG అన్న గుర్తు వెలుగుతూ ఉంటే ఫోటో తీసుకోండి. మా దగ్గర ఒక వరుస ఫ్లాట్లన్నింటికీ ఒకేసారి ఇలా జరిగింది. లోడు కారణమైతే ఒక్క ఇంటికే వస్తుంది, సంకేతపు తీగ కారణమైతే ఆ తీగ మీద ఉన్నవారందరికీ వస్తుంది. పక్కింటివారికి పోవడం లేదన్నారు గానీ, వాళ్లు తక్కువ వాడుతుండడం వల్ల పరిమితి తగలకపోయి ఉండవచ్చు. కాబట్టి వాళ్ల డిస్‌ప్లే మీద గుర్తు ఏముందో ఒకసారి అడిగి చూడండి.

బ్యాలెన్సు గురించి ఒక్క మాట. మీరు చెప్పిన తొమ్మిది వందలు ఫోనులోని యాప్‌లో చూసినవా, మీటరు మీద చూసినవా? రెండూ ఒకటే కావలసిన పని లేదు. యాప్‌లో పడిన రీఛార్జి ప్యానెల్ గదిలోని పరికరం ద్వారా మీటరుకు చేరాలి, ఆ దారి తెగితే యాప్‌లో డబ్బు ఉంటుంది, మీటరులో ఉండదు. అయితే అప్పుడు కరెంటు దానంతటదే తిరిగి రాదు, అందుకే మీ విషయంలో ఇది కారణమని నేను అనుకోవడం లేదు.

ఎవరికి చెప్పాలన్నది మీటరు ఎవరిదన్న దాన్ని బట్టి ఉంటుంది. పంపిణీ సంస్థ పెట్టిన మీటరైతే దానికి సర్వీసు నంబరు ఉంటుంది, ఫిర్యాదు 1912కు చేయవచ్చు. జనరేటరుతో కలిపి లెక్కించే మీటరైతే అది దాదాపుగా బిల్డరో అసోసియేషనో పెట్టుకున్నదే. దాని సంగతి 1912లో చెప్పినా వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు, అసోసియేషన్‌కు రాసి మీటర్లు నిర్వహించే ఏజెన్సీని పిలిపించాలి. రాసేటప్పుడు ‘బ్యాలెన్సు ఉన్నా కరెంటు పోతోంది’ అని మాత్రమే రాస్తే వాళ్లు వచ్చి బ్యాలెన్సు చూసి వెళ్లిపోతారు. ఆగిన తేదీ, సమయం, ఆ క్షణంలో లైనా జనరేటరా, ఆగడానికి ముందు kW అంకె, వోల్టేజీ, డిస్‌ప్లే మీద కనిపించిన సంకేతం, మీటరు క్రమసంఖ్య, తిరిగి రావడానికి పట్టిన సమయం రాసి ఫోటో జతచేయండి. మీటరులో మీ ఫ్లాటుకు పెట్టిన రెండు పరిమితులూ ఎంతెంతో రాతపూర్వకంగా తెలపమని కూడా అడగండి. టెర్మినళ్ల దగ్గర ప్లాస్టిక్కు గోధుమ రంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా మాత్రం ఈ పరీక్షలేవీ పెట్టుకోకుండా, వాడకం ఆపేసి ఆ రోజే పిలిపించండి.