రన్నింగ్ బిల్లులో స్టీల్, సిమెంట్ ధరల సర్దుబాటు

ప్రశ్న: స్టీల్ సూచీ పెరిగింది, సిమెంట్‌ది తగ్గింది. మా రన్నింగ్ బిల్లు ఎంత మారుతుంది?

దేనికది విడిగా లెక్కకట్టి కలపాలి. బిల్లులో పని విలువ కోటి రూపాయలు, ఒప్పందం ప్రకారం స్టీల్ వాటా 20%, సిమెంట్ వాటా 15% అనుకుందాం. స్టీల్ సూచీ 140 నుంచి 154కి చేరితే పెరుగుదల 10%. అంటే 20 లక్షల మీద 2 లక్షలు వస్తాయి. సిమెంట్ 120 నుంచి 114కి దిగితే 5% తగ్గినట్టు, 15 లక్షల మీద 75 వేలు కోత. నికరంగా 1.25 లక్షలు కలిసి బిల్లు 1,01,25,000 అవుతుంది.

చాలామంది 154లోంచి 140 తీసేసి 14% అని వేసేస్తారు. అవి పాయింట్లు, శాతం కాదు. ఆ 14ని మూల సూచీ 140తో భాగించాల్సిందే. లేదంటే స్టీల్ కిందే 80 వేలు ఎక్కువ పడుతుంది, ఆడిట్‌లో దొరికితే తర్వాతి బిల్లులో కోసేస్తారు. మూల సూచీ ఏ నెలదో కూడా ఒప్పందంలోనే చూడండి. సంతకాలు చేసిన నెలది తీసుకోకండి, చాలా ఒప్పందాల్లో మూల సూచీని టెండర్ గడువుకు ముడిపెడతారు.