చదవడానికి కూర్చున్న పది నిమిషాలకే చేయి ఫోన్ మీదకు వెళ్తోంది

ప్రశ్న: నా వయసు 25. గ్రూప్-2కు ప్రిపేర్ అవుతున్నాను. పుస్తకం తీసిన పది నిమిషాలకే ఫోన్ చూస్తున్నాను. పేజీ అయ్యాక ఏం చదివానో గుర్తుండట్లేదు. 25 నిమిషాల టైమర్ పెట్టుకున్నా కుదరలేదు. ఇది జబ్బా? మందులు వాడాలా? - ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ముందు ఆ టైమర్ సంగతి చూద్దాం. 25 నిమిషాలన్నది డాక్టర్లు పెట్టిన లెక్క కాదు. 1980ల చివర్లో ఫ్రాన్సిస్కో చిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో చదువుకుంటూ తయారుచేసుకున్న పద్ధతి అది. మీ లెక్క మీరే తేల్చుకోవాలి. చదవడం ఎప్పుడు మొదలుపెట్టారో, మొదటిసారి ఫోన్ తీయాలని ఎప్పుడు అనిపించిందో మూడు రోజులు కాగితం మీద రాయండి. తొమ్మిది నిమిషాలని తేలితే మీ టైమర్ పది నిమిషాలే.

నా దగ్గరకు వచ్చిన ఒక సీఏ విద్యార్థిని టైమర్‌ను ఫోన్‌లోనే పెట్టుకునేది. అది మోగగానే ఆపడానికి ఫోన్ తీసేది, తెర మీద మెసేజ్ కనిపించేది. అంతే, ఐదు నిమిషాల విరామం కాస్తా నలభై అయ్యేది. పుస్తకం మళ్లీ తెరిచినా మనసు సగం ఆ మెసేజ్ దగ్గరే ఉండేది. ఒక పని నుంచి ఇంకో పనికి మారినప్పుడు మొదటిది మనసులో కాసేపు మిగిలిపోతుంది. మీకు పేజీ గుర్తుండకపోవడానికి ఇదే కారణం కావచ్చు.

ఆమె ఫోన్‌ను వాళ్ల అమ్మగారి గదిలో పెట్టి, మామూలు అలారం గడియారం కొనుక్కుంది. విరామంలో నీళ్లు తాగడం, డాబా మీద నడవడం, అంతే. ‘ఫీజు కట్టాలి’ లాంటి ఆలోచన వస్తే పక్కనున్న కాగితం మీద రాసి మళ్లీ చదువులో పడేది. గంట మోగాక పుస్తకం మూసి, చదివింది చూడకుండా రెండు వాక్యాలు రాసేది. రాయలేకపోతే అదే భాగం మళ్లీ. అలా రాయగలిగిన వారమే ఐదు నిమిషాలు పెంచింది. ఆరు వారాలకు అరగంటకు చేరింది. మధ్యలో ఒక వారం జ్వరం వచ్చి వెనక్కి జారింది కూడా. అలా జారితే కంగారుపడకండి.

మీరు రాసినదాన్ని బట్టి జబ్బని చెప్పలేను. రాత్రి ఏడు గంటలైనా నిద్ర పడుతోందా చూసుకోండి. రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, పన్నెండేళ్లలోపు నుంచే బడిలోనూ ఇంట్లోనూ ఇదే ఇబ్బంది ఉన్నా సైకియాట్రిస్ట్‌ను కలవండి. నీరసం కూడా ఉంటే హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 పరీక్షల గురించి మీ డాక్టర్‌ను అడగండి. ఫ్రెండ్స్ ఇచ్చే ‘ఏకాగ్రత మాత్రలు’ మాత్రం ముట్టుకోవద్దు. వాటిలో కొన్ని బీపీని, గుండె వేగాన్ని పెంచుతాయి, నిద్ర చెడగొడతాయి.

ఆరు వారాలు ఇలా చేసినా పది నిమిషాలు దాటకపోతే, రోజూ రాసుకున్న ఆ కాగితాలు తీసుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి. మందు అవసరమా కాదా తేల్చడానికి అవి ఆయనకు బాగా పనికొస్తాయి.