ఆఫీసుకి ఎంత టైమ్ పడుతుంది: ఒకే అంకె ఎందుకు చెప్పలేం?

“కూకట్‌పల్లి జేఎన్‌టీయూ దగ్గర్నుంచి సైబర్ టవర్స్‌కి ఉదయం 9 గంటలకు బైక్ మీద ఎంతసేపు పడుతుంది? ఒక్క నంబర్ చెప్పండి చాలు.”

25 నుంచి 45 నిమిషాలు అనుకుని బయల్దేరండి. తెల్లవారుజామున ఇదే దారిలో 15 నిమిషాల్లో వెళ్లిపోవచ్చు, ఎందుకంటే ఏ సిగ్నల్ దగ్గరైనా ఒక్క గ్రీన్‌లోనే దాటేస్తారు. 9 గంటలకు రోడ్డు దాదాపు నిండిపోయి ఉంటుంది. అప్పుడు ఒక గ్రీన్‌లో పట్టేదానికంటే కొన్ని బళ్లు ఎక్కువ వచ్చినా, మిగిలినవి తర్వాతి గ్రీన్ దాకా ఆగాలి. సిగ్నల్ చుట్టు 3 నిమిషాలైతే, మూడు చోట్ల ఒక్కోసారి తప్పినా 9 నిమిషాలు పోయినట్టే. దానికి వాన తోడైతే ఇంకా ఎక్కువ. అందుకే ఆలస్యం రోజుకో రకంగా ఉంటుంది. సగటు చెబితే కొన్ని రోజులు లేటవుతారు.

మీ సొంత లెక్క కావాలంటే, ఒకే సమయానికి బయల్దేరుతూ 10 పనిరోజులు నిమిషాలు రాసుకోండి. ఉదాహరణకు 24, 26, 27, 28, 29, 31, 33, 36, 41, 58 వచ్చాయనుకోండి. సగటు 33. కానీ మీటింగ్ ఉన్న రోజు 41 పట్టుకోవాలి, పదింట తొమ్మిది రోజులు అందులోపే చేరారు కాబట్టి. సోమవారాలు, వాన రోజులు విడిగా రాస్తే మంచిది. గూగుల్ మ్యాప్స్‌లో ఇప్పుడు కనిపించే నిమిషాలు కాకుండా, `Arrive by`లో చేరాల్సిన సమయం పెట్టి చూడండి, అదీ రేంజే చూపిస్తుంది. అందులో పెద్ద అంకెనే నమ్మండి.