అధికారులకు అశోకుడు రాసిన మాటలు

ప్రశ్న: "అశోకుడి శాసనాల్లో జీవహింస వద్దు, పెద్దల మాట వినండి లాంటి నీతులు తప్ప పాలన గురించి ఏమైనా ఉందా? ధర్మం అంటే ఆయన ఉద్దేశం ఏంటి?"

ఉంది, బోలెడంత ఉంది. భువనేశ్వర్ పక్కనున్న ధౌలి శాసనం ఒక్కటి తీసుకుని చెబుతాను, ఎందుకంటే అది ప్రజలకు చెప్పిన నీతి కాదు, అధికారులకు పంపిన ఉత్తర్వు.

ముందు ఒక సంగతి. మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో ఉన్న బండల మీద పద్నాలుగు శిలాశాసనాలూ ఉన్నాయి. అందులో పదమూడోది కళింగ యుద్ధం గురించి: లక్షన్నర మందిని తరలించుకుపోయారు, లక్షమంది అక్కడే చనిపోయారు, అంతకు ఎన్నో రెట్ల మంది ఆ తర్వాత పోయారు, దానికి నేను బాధపడుతున్నాను అంటాడు. నేను ఎర్రగుడి చూశాక ధౌలి వెళ్లాను. అక్కడ బండ పైన ఏనుగు ముందు భాగం రాతిలోంచి నడిచి వస్తున్నట్టు చెక్కారు, దాని కింద అక్షరాలు. ఆ యుద్ధం జరిగిన నేల అదే. కానీ పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు అక్కడ లేవు. గంజాం జిల్లా జౌగడలోనూ లేవు. వాటి బదులు కళింగకు విడిగా రెండు శాసనాలు వేయించాడు. ఓడిపోయిన వాళ్లకు వాళ్ల చావుల లెక్క వినిపించకూడదనే అలా చేశాడని నాకు అనిపిస్తుంది.

ఆ రెండిట్లో మొదటిది కళింగ నగరమైన తోసలిలోని మహామాత్రులకు, అంటే నగరంలో తగవులు తీర్చే అధికారులకు. "సవే మునిసే పజా మమా", మనుషులందరూ నా బిడ్డలే అనే మాట అందులోదే. అందరూ దాన్నే చెప్పుకుంటారు గానీ, దాని తర్వాత వచ్చేది చదవాలి. నా ఉద్దేశం ఎంతవరకు వెళ్తుందో మీకు అర్థం కావడం లేదు, ఎవరో ఒకరికి అర్థమైనా కొంతే అవుతోంది అని నేరుగా మందలిస్తాడు. ఎవరో ఒక మనిషిని కారణం లేకుండా జైల్లో వేస్తారు లేదా హింసిస్తారు, దానివల్ల ఇంకెంతోమంది బాధపడతారు అంటాడు. మీరు మధ్యస్థంగా ఉండాలి అని చెప్పి, అలా ఉండనివ్వనివి ఏవో వరసగా చెబుతాడు: అసూయ, కోపం, క్రూరత్వం, తొందరపాటు, పని మీద అలవాటు లేకపోవడం, సోమరితనం, అలసట.

ఆ వరసలో చివరి మూడూ చూడండి. దుర్మార్గుడైన అధికారే కాదు, పని రానివాడూ అలసిపోయినవాడూ కూడా జనాన్ని అన్యాయంగా జైలుకు పంపుతాడని గమనించిన రాజు ఆయన. ధర్మం అంటే ఇక్కడ పూజ కాదు, పరలోకం ఒక్కటే కాదు. కుర్చీలో కూర్చున్నవాడు తన పని సరిగ్గా చేయడం. అలా చేస్తే స్వర్గమూ దక్కుతుంది, మీరు నాకు పడ్డ రుణమూ తీరుతుంది అని వాళ్లకు చెబుతాడు.

మాట చెప్పి ఊరుకోలేదు. ఈ శాసనాన్ని ప్రతి తిష్య, అంటే పుష్యమి నక్షత్రం రోజున చదివి వినిపించాలి, మధ్యలో అవసరమైతే ఒక్కడున్నా వినిపించాలి. అకారణంగా ఎవరూ బందీ కాకుండా చూడడానికి, కరకుగా ఉండని ఒక మహామాత్రుణ్ని ఐదేళ్లకోసారి తనిఖీకి పంపుతానన్నాడు. ఉజ్జయినిలో ఉన్న రాజకుమారుడు మాత్రం అలాంటి తనిఖీకి మూడేళ్లు దాటనివ్వకూడదు, తక్షశిల నుంచి కూడా అంతే.

అయితే ఆయన్ని మెత్తటి సాధువుగా ఊహించుకోకండి. అదే పదమూడో శాసనంలో అడవి జనానికి, పశ్చాత్తాపం ఉన్నా నాకు శక్తి కూడా ఉంది, బుద్ధిగా ఉండండి అని హెచ్చరిక ఉంది. మరణశిక్షను రద్దు చేయలేదు. పట్టాభిషేకమైన 26 ఏళ్లకు వేయించిన నాలుగో స్తంభశాసనంలో, లక్షలమంది మీద ఉన్న రాజుకులనే అధికారులకు తీర్పులూ శిక్షలూ వాళ్ల చేతికే వదిలాడు, కానీ విచారణలోనూ దండనలోనూ అందరికీ ఒకే పద్ధతి ఉండాలన్నాడు. మరణశిక్ష పడిన ఖైదీలకు మూడు రోజుల గడువు ఇచ్చాడు. ఆ మూడు రోజుల్లో బంధువులు ప్రాణభిక్ష కోసం అధికారులను వేడుకోవచ్చు. అలా అడిగేవాళ్లు లేకపోతే, ఖైదీ పరలోకం కోసం దానం చేసుకోవచ్చు, ఉపవాసం ఉండొచ్చు.

ఇవన్నీ రాజు తన నోటితో చెప్పుకున్నవి. తోసలి జైల్లో ఎంతమంది బయటపడ్డారో ఈ బండలు చెప్పవు. కానీ అకారణంగా జైల్లో వేయడం జరిగేదన్న సంగతి మాత్రం, ఆయనే ఒప్పుకుని రాయించాడు కాబట్టి, ధైర్యంగా నమ్మొచ్చు.