ప్రకటనలో చూసిన ఫొటోయే మీ కేసుకు ఆధారం

ప్రశ్న: వకీలు గారికి నమస్కారం. మాది పరకాల దగ్గరి పల్లె. ఫోన్‌లో ఒక పేజీ చూసి, పేరున్న కంపెనీ కుక్కర్ అంటే నమ్మి యూపీఐలో 1,350 రూపాయలు కట్టాను. 2024 ఫిబ్రవరి 6న ఇంటికి వచ్చింది. నెల తిరక్కముందే పిడి ఊడింది, మూత సరిగా బిగుసుకోదు. సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే ఇది మా సరుకే కాదన్నారు. మా అత్తమ్మ ఇప్పటికీ దెప్పుతుంటే ఏడుపొస్తుంది. డబ్బా పారేశాను, కోపంలో చాటింగ్ కూడా తీసేశాను. అదే ఫొటో కంపెనీ వెబ్‌సైట్‌లో ఉంది, దాన్ని ప్రింటు తీసి కేసు వేయవచ్చా? ఈ డిసెంబరు 24న మా ఊరి వినియోగదారుల దినోత్సవంలో, కొనేముందు ఫొటోలు ఎట్లా చూసుకోవాలో సంఘం తరఫున చెప్పమన్నారు. ఏం చెప్పాలి?
– మహిళా సంఘం సభ్యురాలు, హనుమకొండ జిల్లా

జవాబు: అసలైనదని అబద్ధం చెప్పి అమ్మిన సరుకునే 2019 వినియోగదారుల రక్షణ చట్టం నకిలీ సరుకు అంటున్నది. కాబట్టి మీరు రెండు సంగతులు రుజువు చేయాలి: ఈ కుక్కర్ ఆ కంపెనీది కాదని, ఆ కంపెనీదేనని చెప్పి అమ్మకందారు మీకు అమ్మాడని. మొదటిదానికి కుక్కర్ మీ దగ్గరుంది. రెండోదానికి ఆధారం ఆ రోజు మీరు చూసిన ఫొటో, దాని కింది మాటలు, మీ మధ్య నడిచిన సంభాషణ. వాటినే మీరు చేతులారా తుడిచేశారు. పంపినవారి చిరునామా ఉండే కొరియర్ కాగితం కూడా డబ్బాతో పాటే పోయింది. 1,350 రూపాయలు పోయినందుకు బాధపడిన మీరు ఆ డబ్బును తిరిగి రాబట్టగల కాగితాన్ని పారేయడం పెద్ద అజాగ్రత్త.

కంపెనీ వెబ్‌సైట్‌లోని ఫొటోను ప్రింటు తీసి, ఇదే నేను చూసిన ప్రకటన అని దాఖలు చేసే ఆలోచనను ఈ రోజే మానుకోండి. ఆ ఫొటో కంపెనీ ఏం అమ్ముతున్నదో చూపుతుందే తప్ప, మీకు అమ్మిన మనిషి ఏం చెప్పాడో చూపదు. లేని ఆధారాన్ని ఉన్నట్టు పుట్టించి వినియోగదారుల కమిషన్ ముందు పెట్టడం నేరం. అది బయటపడిన రోజున మోసపోయిన మీరే ముద్దాయిగా నిలబడవలసి వస్తుంది.

ఆధారం పూర్తిగా పోయిందని నేను అనుకోవడం లేదు. కొనేముందు ఆ ప్రకటనను మీ సంఘం వాట్సాప్ గ్రూపులో గానీ, చెల్లెలికో వదినెకో గానీ పంపారేమో గుర్తు చేసుకోండి. చాలామంది అడగకుండా కొనరు కదా. మీ ఫోన్‌లో చెరిపినా వారి ఫోన్‌లో ఆ సందేశం తేదీతో సహా ఉండవచ్చు. దాన్ని మళ్లీ మీకు ఫార్వర్డ్ చేయించుకుంటే పాత తేదీ పోతుంది. అందువల్ల వారి ఫోన్‌లో ఉన్నచోటనే, పంపినవారి పేరు, తేదీ కనిపించేటట్టు స్క్రీన్‌షాట్ తీయించండి. ఆ స్క్రీన్‌షాట్ ఆ ఫోన్‌లోనిదేనని 2023 భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఫోన్ యజమాని, ఒక నిపుణుడు సంతకం చేసిన ధ్రువపత్రం కూడా సిద్ధం చేసుకుంటే ఎదుటివారు వేలెత్తి చూపడం కష్టం. బ్యాంకుకు వెళ్లి ఆ నెల స్టేట్‌మెంటు తీసుకుంటే డబ్బు ఎవరి పేరుకు వెళ్లిందో తెలుస్తుంది. పార్సెల్ నంబరుతో వచ్చిన ఎస్సెమ్మెస్ మిగిలి ఉంటే, పంపినవారి చిరునామా కోరుతూ కొరియర్ సంస్థకు లిఖితపూర్వకంగా రాయండి. సర్వీస్ సెంటర్‌వారు నోటితో అన్న మాట కేసులో నిలవదు. ఇది తమ సరుకు కాదని కాగితం మీద రాయించుకోండి. అవసరమైతే కమిషన్ కుక్కర్‌ను ప్రయోగశాలకు పంపగలదు కనుక దాన్ని ఉన్నది ఉన్నట్టుగా దాచండి. మూత బిగుసుకోని కుక్కర్‌ను పొయ్యి మీద మాత్రం పెట్టకండి.

ఇవన్నీ తీరిగ్గా చేసే సమయం మీకు లేదు. ఫిర్యాదుకు గడువు కారణం ఏర్పడిన నాటి నుంచి 2 సంవత్సరాలు. సరుకు అందిన తేదీ నుంచే లెక్క వేసుకోవడం క్షేమం, అంటే 2026 ఫిబ్రవరి మొదటి వారం దాటనివ్వకూడదు. అమ్మకందారుకు నోటీసు పంపినా, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసినా ఆ గడువు పెరగదు. ఈ సంగతి తెలియక నోటీసుకు జవాబు కోసం ఎదురుచూస్తూ హక్కు పోగొట్టుకునేవారు ఉన్నారు. ఆలస్యాన్ని తగిన కారణం ఉంటే క్షమించవచ్చు గానీ, తీరిక దొరకలేదన్నది తగిన కారణం కాదు. మీరు నివసించే చోటు పరిధిలోని జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, అమ్మకందారు ఊరికి పోనక్కరలేదు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు ఫీజు లేదు.

ఇక డిసెంబరు 24న మీరు చెప్పవలసింది. ఒక మామూలు కుక్కర్‌ను చేత పట్టుకొని చెప్పండి, అందరికీ అర్థమవుతుంది.

ప్రకటనలోని ఫొటోను ముందుగా గూగుల్ లెన్స్‌లో వెతకాలి. అదే ఫొటో కంపెనీ వెబ్‌సైట్‌లో కనిపిస్తే అమ్మకందారు తన దగ్గరున్న సరుకును ఇంకా చూపలేదని అర్థం. అంతమాత్రాన అతడు మోసగాడని తేల్చకూడదు, నిజమైన డీలర్లు కూడా కంపెనీ ఫొటోలనే పెడతారు. అందుకే రెండో అడుగు ముఖ్యం. పంపబోయే కుక్కర్ పక్కన మీ ఊరి పేరు, ఆనాటి తేదీ రాసిన చీటీ పెట్టి మూడు ఫొటోలు తీసి పంపమని అడగాలి: నిండు కుక్కర్‌ది ఒకటి, దాని మీది ఐఎస్ఐ ముద్రను దగ్గరగా తీసినది ఒకటి, డబ్బా మీది లేబుల్‌ది ఒకటి. చీటీ పెట్టనంటే, లేదా ముద్ర దగ్గరే ఫొటో మసకబారితే అక్కడితో ఆపాలి.

ఇంట్లో వాడే ప్రెషర్ కుక్కర్‌కు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. ఆ ముద్రకు పైన IS 2347 అనే సంఖ్య, కింద CM/L అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉండాలి. ముద్ర ఉండి నంబరు లేకపోతే అది ఉత్త బొమ్మ. నంబరు ఉంటే, ఈ ముద్రకు లైసెన్సు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వారి BIS Care యాప్‌లో Verify Licence Details అనేచోట కొట్టి చూడాలి. వచ్చిన వివరాల్లో లైసెన్సు కుక్కర్లకే ఇచ్చారా, ఇంకా అమల్లో ఉందా అన్నవి చూసి, తయారీదారు పేరు, చిరునామా డబ్బా లేబుల్‌తో సరిపోల్చాలి. కొన్ని కంపెనీలు వేరే కర్మాగారంలో చేయించి తమ పేరుతో అమ్ముతాయి కనుక తయారీదారు పేరు, బ్రాండు పేరు వేరుగా ఉండవచ్చు. యాప్‌లోని పేరే లేబుల్ మీద తయారీదారుగా ఉందా అన్నదే చూడవలసింది. దీనికీ ఒక హద్దుంది: దొంగ సరుకు మీద అసలైన నంబరును అచ్చు వేయడం కష్టమేమీ కాదు. వివరాలు కలవకపోతే కొనకూడదని ఈ పరీక్ష గట్టిగా చెబుతుంది గానీ, కలిసినంత మాత్రాన సరుకు అసలైనదని హామీ ఇవ్వదు.

అందుకే ఆ మూడు ఫొటోలను, అమ్మకందారు పేరు, ధర, తేదీ కనిపించే ప్రకటన స్క్రీన్‌షాట్‌ను డబ్బు కట్టకముందే దాచుకోవాలని సభలో నొక్కి చెప్పండి. చీటీ పెట్టి ఫొటో పంపిన అమ్మకందారు, ఇదే నేను పంపుతున్న సరుకు అని రాసిచ్చినట్టే. పార్సెల్ వచ్చినప్పుడు అంటించి ఉన్న కవరు, దాని మీది చిరునామాల నుంచి మొదలుపెట్టి విప్పేదాకా ఆపకుండా వీడియో తీయాలి. డబ్బాను 2 సంవత్సరాలు అటక మీద ఉంచాలి.

సభలో మీ అనుభవం చెప్పండి, కానీ ఆ అమ్మకందారు పేరునూ ఫోన్ నంబరునూ తెర మీద చూపి దొంగ అని ప్రకటించకండి. రుజువు చేతికి రాకముందే అన్న మాట పరువు నష్టం దావాకు దారి తీస్తుంది. సభకు వచ్చిన ఆడవాళ్లలో ఎవరి ఫోన్‌లోనైనా మీ పాత సందేశం ఉందేమో మాత్రం అక్కడే అడగండి, దొరికిన మరునాడే ఫిర్యాదు కాగితాలు మొదలుపెట్టండి.