కోటు బాగనే కుట్టిన్రు, మరి బొమ్మకు ఎందుకు కలుస్తలేదు?

"గేమ్ క్యారెక్టర్ బొమ్మ చూసి అదే వేషం వేస్తున్న. ఎర్ర కోటు హన్మకొండల కుట్టించిన, కత్తి ఫోమ్ షీట్‌తోని చేసిన. విడివిడిగ చూస్తే అన్నీ మంచిగనే ఉన్నయి, వేసుకుంటే ఏదో తేడా కొడుతుంది. ఎక్కడుందో ఎట్ల పట్టుకోవాలె?"

అద్దంల చూస్తే దొరకదు, ఫోటో తీయాలె. వేషం మొత్తం, బూట్లతోసహా, వేసుకొని బొమ్మల ఉన్నట్టే నిలబడుండ్రి. ఫోన్ నడుము ఎత్తుల, మూడు నాలుగు మీటర్ల దూరంల పెట్టి 2x జూమ్‌ల తీయించుండ్రి. దగ్గరనుంచి, పైనుంచి తీస్తే కాళ్లు పొట్టిగ పడతయి, లేని తప్పు కనపడతది. తర్వాత ఏదన్న ఎడిటింగ్ యాప్‌ల ఆ ఫోటో మీద బొమ్మను సగం పారదర్శకంగ పెట్టి, అరికాళ్లు, నెత్తి కలిపుండ్రి. నెత్తి అంటే తల పైభాగం, జుట్టు కొస కాదు. విగ్గు లేపి ఉంటే లెక్క తప్పుతది.

ఎక్కువసార్లు తేడా నడుము దగ్గర బయటపడతది. గీసిన బొమ్మకు ఒళ్లు ఎనిమిది తలలంత పొడుగుండి, అందుల కాళ్లే ఎక్కువుంటయి. మనకు ఏడు, ఏడున్నర. బెల్టు బొడ్డు కింద కడితే కోటు పై భాగం సాగినట్టు కనపడతది. మూడు నాలుగు సెంటీమీటర్లు పైకి కట్టి మళ్ల ఫోటో తీయుండ్రి, సగం సమస్య అక్కడనే తీరుతది. కోటు అంచును మాత్రం టేపుతోని కాదు, మోకాలితోని పోల్చాలె: బొమ్మల మోకాలికి నాలుగు వేళ్ల పైన ఆగితే మీకూ అక్కడనే ఆగాలె. అంచు బొమ్మల విచ్చుకొని, మీ ఫోటోల కాళ్లకు అతుక్కుంటే, పక్క కుట్లల్ల కలీలు, అంటే మూడుమూలల బట్ట ముక్కలు పెట్టి, అంచుకు లోపల బక్రం అనే గట్టి బట్ట వేయమని టైలర్‌కు చెప్పుండ్రి. పొడుగు పెంచితే అది తీరదు.

కత్తికి లెక్క వేరే. బొమ్మల మనిషి ఎత్తు 800 పిక్సెళ్లు, కత్తి 560 ఉందనుకోండి, అంటే 0.7. మీరు 165 సెంటీమీటర్లు, బూటు మడమ 5 అయితే, 170 మీద కట్టాలె: 119 సెంటీమీటర్లు. బూటు మరిస్తే 115 దగ్గర ఆగుతది, కత్తి పొట్టిగ కనపడతది. కత్తి మనవైపు చూపెడుతున్న బొమ్మల నుంచి ఈ కొలత తీయొద్దు, అండ్ల పొడుగు కుదించి గీస్తరు. పక్కకు పెట్టి పట్టుకున్న బొమ్మ వెతుకుండ్రి. పిడి పొడుగును పిడికిళ్లతోని లెక్కపెడితే చాలు.

రంగు చివర్ల చూడుండ్రి. ట్యూబ్‌లైటు కింద కాదు, పగటిపూట నీడల, తెల్ల కాగితం పట్టుకొని తీయాలె. ఫోటోల కాగితం పసుప్పచ్చగనో నీలంగనో పడితే ఆ రంగును నమ్మొద్దు. బొమ్మల కూడా వెలుగు పడ్డ చోటు, మడతల నీడ వదిలేసి, మధ్యల ఉన్న ఎరుపునే తీసుకోవాలె. ఆఖరికి రెండింటినీ బ్లాక్ అండ్ వైట్ చేయుండ్రి. కోటు, ప్యాంటు మధ్య ముదురు తేడా బొమ్మల ఎంతుందో మీకూ అంతే ఉంటే, ఎరుపు కొంచెం అటిటు అయినా ఎవరికీ తెల్వదు. కోటు తెల్లగ తేలితే అది శాటిన్ మెరుపు పని. వరంగల్ చౌరస్తాల పాత కోటు ముక్క చూపెట్టి అదే ఎరుపుల మెరుపు లేని కాటన్ సూటింగ్ అడుగుండ్రి, దుకాణం బయటికి తెచ్చి ఎండ వెలుగుల చూసినంకనే కోయించుండ్రి.